దుప్పటి కప్పితే పిండి పొంగదు

డిసెంబరు వచ్చిందంటే దోసెల పిండి మొండికేస్తుంది. మే నెలలో రాత్రి పదింటికి రుబ్బి పడుకుంటే తెల్లారేసరికి గిన్నె అంచు దాటి గట్టు మీదికి కారే పిండి, సంక్రాంతి ముందు రోజుల్లో మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. వాసన రాదు, బుడగ లేవదు. పెనం మీద పోస్తే దోసె తెల్లగా, బిరుసుగా, అట్టముక్కలా వస్తుంది. హైదరాబాద్‌లో రాత్రి 13 డిగ్రీలకు దిగితేనే ఈ పరిస్థితి. ఆదిలాబాద్, లంబసింగి వైపు వాళ్లకి చెప్పనే అక్కర్లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది ఏడాదిలో ఐదారు నెలల సమస్య.

దీనికి ఇంటింటా వినిపించే మందు ఒకటే: దుప్పటి కప్పి పెట్టమంటారు. సలహా తప్పు కాదు, సగమే. దుప్పటికి సొంతంగా వేడి లేదు. మనం కప్పుకుంటే వెచ్చబడుతున్నామంటే ఆ వేడి మన ఒంట్లోంచి వచ్చేది. దుప్పటి దాన్ని బయటికి పోనివ్వదు, అంతే. పిండికి అలాంటి వేడి లేదు. పులిసేటప్పుడు అందులో పుట్టే వేడి లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి చల్లటి పిండికి మందంగా రగ్గు చుడితే జరిగేది ఆ చల్లదనాన్ని భద్రంగా దాచిపెట్టడమే. గది వేడి కూడా త్వరగా లోపలికి చేరదు.

చలికాలంలో పిండి పులియకపోవడానికి అసలు కారణం చాలా ఇళ్లలో ఇదే. రాత్రి ఎలా కప్పామన్నది తర్వాతి మాట. గ్రైండర్ లోంచి తీసేటప్పటికి పిండి ఎంత వేడిగా ఉందన్నది ముందు మాట.

పులియబెట్టేది ఎవరో ఒకసారి చూద్దాం. 1965లో ఎస్.కె.ముఖర్జీ, స్టైన్‌క్రాస్ తదితరులు ఇడ్లీ పిండి మీద చేసిన పరిశోధన ఒకటి ప్రచురించారు. పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడ్స్ అనే బ్యాక్టీరియా అని అందులో తేల్చారు. దోసెల పిండిలోనూ ఇదే తంతు. ఈ బ్యాక్టీరియా ఎక్కణ్ణుంచో ఊడిపడదు. పప్పుకీ బియ్యానికీ అంటుకునే ఉంటుంది, మినపప్పుకి మరీ ఎక్కువ. నానినప్పుడు మేలుకుంటుంది, రుబ్బినప్పుడు పిండంతా పరుచుకుంటుంది. పిండిలోని చక్కెరల్ని తిని లాక్టిక్ ఆమ్లాన్నీ, కార్బన్ డయాక్సైడ్ వాయువునీ వదులుతుంది. ఆమ్లం వల్ల పులుపు, వాయువు వల్ల పొంగు. పిండి బాగా పుల్లబడ్డాక ఈ బ్యాక్టీరియా వెనకబడి, ఇంకా పులుపును తట్టుకునే ఇతర బ్యాక్టీరియా రాజ్యం చేస్తుంది.

వాయువు పుట్టినంత మాత్రాన పొంగదు. దాన్ని పట్టి ఉంచేది మినపప్పు. పప్పులోని ఒక రకం ప్రొటీన్లు నురగ కట్టిస్తే, జిగురు ఆ నురగ విరిగిపోకుండా చూస్తుంది. మైసూరులోని సి.ఎఫ్.టి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు 1970ల్లో ఈ గుట్టు విప్పారు. మనం చెంచాడు మెంతులు వేసేది కూడా ఆ జిగురు కోసమే. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత ఒక తేడా పట్టుకోవచ్చు. పుల్లటి వాసన వచ్చీ పిండి పొంగలేదంటే తప్పు చలిది కాదు. పప్పు పాతదైనా, తక్కువైనా, సరిగ్గా నురగ వచ్చేలా రుబ్బకపోయినా, పిండి మరీ పల్చనైనా పుట్టిన వాయువు నిలవక పోతుంది. పులుపూ లేక, పొంగూ లేక మొద్దులా ఉంటేనే చలిని అనాలి.

ఈ బ్యాక్టీరియా చలికి చచ్చిపోదు. నిదానిస్తుంది. పిండి 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే ఎనిమిది, పది గంటల్లో పని ముగిస్తుంది. పది డిగ్రీలు తగ్గితే వేగం సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. 20 డిగ్రీల పిండికి ఒక రాత్రి చాలదు, రాత్రీ పగలూ కలిపి కావాలి. 15 డిగ్రీల దగ్గర ఒకటిన్నర రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. పైగా రుబ్బిన వెంటనే అది పని మొదలుపెట్టదు. కొత్త చోటికి అలవాటుపడి, సంఖ్య పెంచుకోవడానికి మొదట కొన్ని గంటలు తీసుకుంటుంది. పైకి ఏమీ కనబడని ఆ గంటలు చలిలో ఇంకా సాగుతాయి. మనమేమో చలికాలంలో కూడా రాత్రి తొమ్మిదింటికి రుబ్బుతాం. మేలుకోవాల్సిన గంటలన్నీ రాత్రి చలిలో గడిచిపోతాయి. ఎండ వచ్చి గది కాస్త వేడెక్కే వేళకి మనం మూత తీసి, పొంగలేదని నిట్టూర్చి పెనం పొయ్యి మీద పెడతాం.

మా పిన్ని కూతురు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది. జనవరిలో ఫోన్ చేసి, “అక్కా, రగ్గు కూడా చుట్టాను, ఇంట్లో హీటర్ తిరుగుతూనే ఉంది, అయినా పిండి కదల్లేదు. పప్పే బాలేదంటావా?” అంది. వాళ్ల ఇంట్లో థర్మోస్టాట్ 68 ఫారెన్‌హీట్ మీద ఉంటుంది, అంటే 20 డిగ్రీలు. ఆమె దగ్గర మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటర్ ఉంది. మళ్లీ రుబ్బినప్పుడు దాన్ని పిండిలో గుచ్చి చూడమన్నాను. 61 చూపించింది. అంటే 16 డిగ్రీలు, గది కన్నా చల్లన.

ఎందుకలా? ఆమె కొలత మూడు గ్లాసుల బియ్యం, గ్లాసు మినపప్పు, చెంచా మెంతులు. బియ్యం సుమారు 600 గ్రాములు, పప్పు 200. నానాక అన్నీ కలిపి కిలోంబావు దగ్గర తూగుతాయి. గట్టు మీద నానాయి కాబట్టి 18 డిగ్రీల దాకా ఉంటాయి. రుబ్బేటప్పుడు మొత్తం మీద 600 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తుంది. ఆ నీళ్లు కుళాయి నుంచి నేరుగా పట్టినవి. అక్కడ జనవరిలో కుళాయి నీళ్లు ఫ్రిజ్ నీళ్లలా జివ్వున లాగుతాయి, ఎనిమిది డిగ్రీలనుకోండి. బియ్యం, పప్పు కన్నా నీళ్లు వేడినైనా చల్లదనాన్నైనా ఎక్కువ మోస్తాయి. అందువల్ల బరువులో మూడో వంతే ఉన్నా ఆ నీళ్లు పిండి మొత్తాన్నీ 13, 14 డిగ్రీలకు లాగేశాయి. గ్రైండర్ రాపిడి కాస్త వేడి చేస్తే 16కి వచ్చింది. దానికి ఆమె రగ్గు చుట్టింది. గదిలో ఉన్న ఆ 20 డిగ్రీలు కూడా అందకుండా రాత్రంతా కాపాడిందన్నమాట.

ఇప్పుడు అదే 600 మిల్లీలీటర్ల నీళ్లను 45 డిగ్రీలకు కాచి పోస్తే? 18 డిగ్రీల బియ్యం, పప్పుతో కలిసి పిండి 30 దగ్గర తేలుతుంది. కావాల్సిందదే. 45 డిగ్రీలంటే వేలు పెడితే వేడిగా ఉండాలి, వెనక్కి తీసుకోబుద్ధి కాకూడదు. గోరువెచ్చని కన్నా కాస్త ఎక్కువ. పప్పు రుబ్బేటప్పుడు దాని కన్నా కొంచెం తక్కువ వేడి పోసుకుని, బియ్యానికి కొంచెం ఎక్కువ పోసుకోవచ్చు. పప్పు మరీ వేడెక్కితే నురగ సరిగా కట్టదు. మరిగే నీళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు. తగిలిన చోటల్లా బ్యాక్టీరియా చస్తుంది, బియ్యప్పిండి ఉడికి ముద్దలు కడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది, గ్రైండర్ రాయి. వెట్ గ్రైండర్‌లోని రాళ్లు కిలోల బరువు. రాత్రంతా చలిలో ఉన్న రాయి పిండి వేడిని జుర్రేస్తుంది. మా చెల్లెలు మొదటిసారి లెక్క ప్రకారం నీళ్లు పోసినా పిండి 25 దగ్గరే ఆగింది. అందుకే ముందు డ్రమ్ములో వేడినీళ్లు పోసి ఒక ఐదు నిమిషాలు ఉత్తినే తిప్పి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత పప్పు వేయాలి. మిక్సీ వాళ్లకి ఈ బాధ లేదు. దాని బ్లేడు వేగానికి పిండి తనంతట తానే వేడెక్కుతుంది. ఎండాకాలంలో ఐసు నీళ్లు పోసి రుబ్బాల్సి వచ్చేది అందుకే. ఆ అలవాటున చలికాలంలో కూడా చల్లటి నీళ్లు పోసేవాళ్లున్నారు. ఈ నాలుగు నెలలు మానేస్తే చాలు.

థర్మామీటర్ లేకపోతే చేయి చాలు. రుబ్బిన పిండిలో చేయి పెట్టి కలపండి. మన చేతి చర్మం 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చల్లగానూ లేక, వేడిగానూ లేక ఏమీ తెలియనట్టుంటే సరిపోయింది. చల్లగా తగిలితే రగ్గు వెతక్కండి, ముందు వేడి చేయండి. పొయ్యి మీద పెట్టకూడదు, అడుగు ఉడికిపోతుంది. పెద్ద గుండిగలో నాలుగు లీటర్ల నీళ్లు 40 డిగ్రీలకు కాచి, పిండి గిన్నె అందులో దించండి. రెండు కిలోల లోపు పిండి 20 డిగ్రీల దగ్గర ఉన్నా, మధ్యమధ్యన కలుపుతుంటే అరగంట, ముప్పావుగంటలో 30 దాటుతుంది. ఇక రాత్రంతా ఆ నీళ్లలోనే ఉంచి, గుండిగకు మూత పెట్టి, అప్పుడు రగ్గు చుట్టండి. ఇప్పుడు దుప్పటికి కాపాడటానికి ఏదో ఉంది. మన ఊళ్లలో హైదరాబాద్ చలి దాకా ఇది చాలు.

వట్టి స్టీలు గిన్నెలో వెచ్చటి పిండిని గట్టు మీద వదిలేస్తే రెండు గంటల్లో సగానికి పైగా వేడి పోతుంది. గ్రానైట్ గట్టు మీద ఇంకా ముందే. ఒకప్పుడు కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో రాత్రంతా నివురు కింద నిప్పు ఉండేది, ఆ పొయ్యి పక్కన పెట్టిన పిండికి వేరే ఏర్పాటు అక్కర్లేకపోయింది. ఇప్పటి వంటింట్లో అన్నిటికన్నా చల్లటి చోటు ఆ గ్రానైట్ గట్టే. గిన్నె కింద మడతపెట్టిన తువ్వాలో, పీటో వేయడం మర్చిపోవద్దు.

చలి ఎక్కువ ఉన్న చోట నాకు నచ్చిన పద్ధతి థర్మోకోల్ పెట్టె, లేదా విహారాలకి తీసుకెళ్లే ఐసు పెట్టె. చల్లదనాన్ని ఆపేది వేడినీ ఆపుతుంది. 30 డిగ్రీల పిండి గిన్నెను అందులో పెట్టి, పక్కన రెండు లీటరు స్టీలు సీసాల్లో 60 డిగ్రీల నీళ్లు పోసి, సీసాలు గిన్నెకు ఆనకుండా మధ్య ఒక గుడ్డ వేసి, మూత పెట్టేయాలి. పడుకునే ముందు ఒకసారి నీళ్లు మార్చితే తెల్లారేదాకా ఢోకా లేదు. కరెంటు అక్కర్లేదు, తెరిచి తెరిచి చూడకపోతే చాలు.

అమెరికా ఇళ్లలో ఎక్కువమంది అవెన్‌లో పెట్టి లైటు వేస్తారు. వేడెక్కించకుండా లైటు మాత్రమే. పాత రకం బల్బు అయితే లోపల 30 డిగ్రీలు సులువుగా వస్తాయి, కొన్నిట్లో దాటిపోతాయి కూడా. అలాంటప్పుడు తలుపు సందులో చెక్క గరిటె ఒకటి పెట్టాలి. కొత్త అవెన్‌లలో వచ్చే ఎల్‌ఈడీ బల్బు మాత్రం వెలుగే ఇస్తుంది, వేడి దాదాపు ఉండదు. ఏళ్ల తరబడి బాగా పొంగిన పిండి అవెన్ మార్చాక ఎందుకు పొంగడం లేదో తెలియక తలపట్టుకునేవాళ్లకి కారణం ఇదే. ఇంకో మాట: అవెన్ మీటల దగ్గర “లోపల పిండి ఉంది” అని ఒక చీటీ అంటించండి. పొద్దున్నే పిల్లల కోసం పిజ్జా వేడి చేద్దామని ఎవరో మీట నొక్కితే పిండి కాస్తా రొట్టె అవుతుంది.

ఇన్‌స్టంట్ పాట్ ఉన్నవాళ్లు Yogurt మీట నొక్కుతారు. మామూలు అమరికలో అది పెరుగుకు తగ్గట్టు 40 డిగ్రీల పైన వేడి పెడుతుంది. దోసెల పిండికి అది ఎక్కువ. ఆ వేడిలో వాయువు పుట్టించే బ్యాక్టీరియా తగ్గి, పులుపు పుట్టించేవి విజృంభిస్తాయి. పిండి గుల్ల కాకుండానే పుల్లబడుతుంది, అడుగున నీరు తేలుతుంది. చాలా మోడళ్లలో అదే మీటను మళ్లీ నొక్కితే Less అని వస్తుంది, అది 30కి దగ్గరగా ఉంటుంది. లేనివాళ్లు మామూలు అమరికలో గంట ఉంచి, ఆపేసి, మూత పెట్టి వదిలేయొచ్చు. ఒత్తిడి మూత మాత్రం వాడొద్దు. పొంగిన పిండి విజిల్ సందులో ఇరుక్కుంటే శుభ్రం చేయడం నరకం. గాజు మూతో, పళ్లెమో చాలు. గిన్నె ఏదైనా సగానికి మించి పోయకండి.

వేడి ఏర్పాటు అయ్యాక ఇంకో సాయం చేయొచ్చు, పాత పిండి. బాగా పొంగిన వాయి లోంచి రెండు మూడు రోజుల లోపు ఫ్రిజ్‌లో దాచిన పిండి ఒక గరిటెడు కొత్త దాంట్లో కలిపితే లక్షల కొద్దీ సిద్ధమైన బ్యాక్టీరియా దొరికినట్టే. మేలుకునే గంటలు తగ్గుతాయి. వారం పాతది, ముక్కు పుటాలదిరే పులుపుది వేస్తే పులుపు వస్తుంది గానీ పొంగు రాదు. తొలిరోజుల్లో వాయువు పుట్టించినవి ఆ పిండిలో ఇప్పుడు పెద్దగా మిగలవు.

పొట్టు పప్పు దొరికితే వాడండి. పొట్టుతో పాటు బ్యాక్టీరియా కూడా ఎక్కువే వస్తుంది. నానిన నీళ్లు పారబోసి మళ్లీ మళ్లీ కడక్కుండా, ఆ నీళ్లనే వెచ్చజేసి రుబ్బేటప్పుడు పోసుకోవచ్చు. పప్పును మొదట్లోనే బాగా కడిగి నానబెట్టుకుంటే శుభ్రం గురించి బెంగ లేదు.

ఉప్పు గురించి చాలా వాదన ఉంది. అయొడైజ్డ్ ఉప్పు వల్లే పిండి పులవదని కొందరంటారు. ఈ కొలత పిండిలో రెండు చెంచాల ఉప్పు వేస్తే అందులోని అయొడిన్ ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు, అది పిండినేం చేయగలదు? ఉప్పు మోతాదు మించితే మాత్రం పులియడం నెమ్మదిస్తుంది, అది నిజం. చలికాలంలో పిండి పొంగాక వేసుకుంటే సందేహమే లేదు. చేత్తో కలపాలన్న మాట కూడా మంచిదే. అయితే చేతి మహిమ కన్నా పప్పు పిండి, బియ్యప్పిండి సరిగా కలవడమే అందులో ముఖ్యం.

ఈస్ట్ వేయమనే సలహా నాకు నచ్చదు. పొంగుతుంది, కాదనను. కానీ బన్ను వాసన వస్తుంది, మన పులుపు రాదు. తినే సోడా అయితే పులియబెట్టదు, పెనం మీద బుడగలు లేపి పులిసినట్టు నటిస్తుంది.

పిండి తయారైందని ఎలా తెలుసు? గిన్నెకు రుబ్బినప్పుడే బయట ఒక టేపు ముక్క అంటించి ఉంచితే ఎంత పెరిగిందో కనబడుతుంది. దోసెలకు ఒకటిన్నర రెట్లు చాలు, ఇడ్లీలకైతే రెండింతలు కావాలి. గరిటె మెల్లగా లోపలికి దించి లేపితే పిండి బరువుగా జారకుండా, గూడు కట్టినట్టు గుల్లగుల్లగా విరగాలి. గ్లాసు నీళ్లలో చుక్క వేస్తే తేలాలి. పైన సన్నగా బూడిద రంగు పొర ఉంటే భయం లేదు, అది గాలికి ఆరిన పొర. గులాబీ, నారింజ, నల్ల మచ్చలో, నూగులో కనబడినా, పుల్లగా కాక కుళ్లు కంపు కొట్టినా మొత్తం పారేయండి. రోజున్నరైనా పులుపు వాసనే రాని పిండిని ఇంకా వెయిట్ చేయించడం కూడా మంచిది కాదు. పులుపే దానికి రక్షణ, అది రానంతసేపు ఏ పురుగైనా పెరగొచ్చు.

ఇంత చెప్పాక కూడా, అసలు వేళే మార్చుకుంటే సగం శ్రమ తప్పుతుంది. పొద్దున్నే నానబెట్టి మధ్యాహ్నం మూడింటికి వెచ్చటి నీళ్లతో రుబ్బండి. సాయంత్రం చలి మొదలయ్యేలోపు బ్యాక్టీరియా మేలుకుని పనిలో పడుతుంది. ఎనిమిదింటికి మూత తీస్తే అంచుల్లో చిన్న చిన్న బుడగలు కనబడాలి. కనబడితే రాత్రి గది 20కి దిగినా పెద్దగా నష్టం లేదు, రగ్గు ఒక్కటీ చాలు. కనబడకపోతే అప్పుడే వేడినీళ్ల గుండిగలో దించండి, పొద్దుటి దాకా ఆగొద్దు.

అయినా ఏదో కారణాన తెల్లారి పిండి పొంగలేదు, ఇంట్లో అందరూ దోసెల కోసం ఎదురు చూస్తున్నారు. అది రుబ్బి ఇంకా పది పన్నెండు గంటలే, వాసన శుభ్రంగా ఉంది. అలాంటి పిండిని దోసెలకు వాడొద్దు. గిన్నెను 40 డిగ్రీల నీళ్లలో దించండి, నీళ్లు చల్లారితే మార్చండి. నాలుగైదు గంటల్లో కదలిక వస్తుంది, ఆ రాత్రికి దోసెలవుతాయి. ఆ పూటకి మాత్రం అందులోంచి రెండు గరిటెల పిండి తీసి, ఉల్లిపాయలు, పచ్చిమిరప, జీలకర్ర, కొంచెం బియ్యప్పిండి వేసి గట్టిగా కలిపి పునుగులు వేసేయండి. వాటికి పులుపు లేకపోయినా ఎవరూ అడగరు.